నున్నటి వాక్యంలో దాగే తప్పు

మహబూబాబాద్ మిర్చి చేలల్లో పవర్ స్ప్రేయర్, జనగామ పల్లెల్లో బోరు మోటారు, భూపాలపల్లి సింగరేణి గనుల్లో నీళ్లు తోడే పంపు. ఇలాంటి యంత్రాల మాన్యువల్ తెలుగులోకి రావాలంటే ఇప్పుడు చాలాచోట్ల ముందు మెషీన్ అనువదిస్తుంది, తర్వాత మనిషి సరిదిద్దుతాడు. ఈ దిద్దుబాటే పోస్ట్ ఎడిటింగ్. దీనికి 2017లో ఐఎస్ఓ 18587 అనే ప్రమాణం కూడా వచ్చింది.

ఎర్త్ వైరును ‘భూమి తీగ’ అని రాస్తే ఎవరైనా పట్టేస్తారు. చిక్కంతా చక్కగా చదువుకుపోయే వాక్యాలతోనే.

స్ప్రేయర్ మాన్యువల్‌నే తీసుకుందాం. ఫిల్టర్ కడిగాక దాని మూతను ‘రీప్లేస్’ చేయమని ఇంగ్లిష్‌లో ఉంటుంది. అంటే తిరిగి బిగించమని. మెషీన్ ‘మూతను మార్చండి’ అంటుంది. వ్యాకరణం సరిగానే ఉంది, వాక్యమూ బాగుంది. రైతు మాత్రం కొత్త మూత కోసం దుకాణానికి వెళతాడు. అదే మాట అరిగిపోయిన వాషర్ దగ్గర వస్తే ‘మార్చండి’ అన్నదే సరైన తెలుగు. కాబట్టి ఆ మాట వచ్చిన ప్రతిచోటా ముందు వెనక వాక్యాలు చూసి తేల్చుకోవాలి.

ఇంతకన్నా ప్రమాదం హెచ్చరికల్లో ఉంది. ‘ప్రెషర్ సున్నాకు దిగే వరకు పైపు విప్పవద్దు’ అని రావాల్సింది ‘విప్పండి’ అని వచ్చిందనుకోండి, అర్థం తలకిందులైపోతుంది. ఇంగ్లిష్‌లో వద్దనే మాట వాక్యం మొదట్లోనే ఎదురవుతుంది. తెలుగులో అది చివరి క్రియకు అంటుకుని ఉంటుంది. పొడుగాటి వాక్యంలో అక్కడికి చేరేసరికి కన్ను తాను అనుకున్నదే చదివేస్తుంది. అందుకే ముందు మూలం చదివి, ఆ తర్వాతే తెలుగు చూడాలి. హెచ్చరికలను చివర్లో విడిగా, క్రియల కోసమూ అంకెల కోసమూ మరోసారి చదవాలి.

మాన్యువల్ పొడవు పెరిగేకొద్దీ ఒకే పార్టుకు రెండు పేర్లు పడతాయి. ఒక అధ్యాయంలో ‘నాజిల్’, ఇంకో అధ్యాయంలో ‘ముక్కు’. ఏ పేజీకాపేజీ చదివితే రెండూ అర్థమవుతాయి గనక ఈ తేడా కంటపడదు. అలాగని ‘ముక్కు’ అన్న ప్రతిచోటా ఒక్కసారిగా ‘నాజిల్’ అని మార్చేస్తే, మందు కొట్టేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోమన్న వాక్యం కూడా మారిపోతుంది. పని మొదలుపెట్టకముందే పార్టుల పేర్ల పట్టిక రాసుకోవాలి. ఆ పేర్లు స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్ వాడేవై ఉండాలి. మార్పులు ఒక్కొక్కటిగా చూస్తూ చేయాలి.

ఇంత చూసినా కొన్ని వాక్యాలు తేలవు. మూలమే రెండు రకాలుగా అర్థమైతే పార్టుల బొమ్మ చూడాలి. బొమ్మలోనూ తేలకపోతే ఆ వాక్యాన్ని గుర్తుపెట్టి, తయారీ కంపెనీ ఇంజినీరును అడగాలి. జవాబు వచ్చేదాకా ఆ పేజీని ప్రింటుకు పంపకూడదు.