తొమ్మిదికీ పదికీ మధ్య

ఒక బాండు ముఖ విలువ రూ.1,000. కూపన్ 8 శాతం, అంటే ప్రతి ఏడాది చివర రూ.80 చేతికొస్తుంది. గడువు ఇంకా సరిగ్గా 5 ఏళ్లు. అయిదో ఏట ఆఖరి వడ్డీతో పాటు వెయ్యి రూపాయలూ తిరిగి ఇస్తారు. ఆ బాండు ఇవాళ రూ.940కే దొరుకుతోంది. కొని గడువు దాకా ఉంచుకున్నవారికి ఏటా ఎంత శాతం గిట్టినట్టు? ఆ శాతాన్నే ఈల్డ్ టు మెచ్యూరిటీ, పొట్టిగా వైటీఎం అంటారు. దాన్ని కాగితం మీద, కూడికలు తీసివేతలతో రాబట్టే ఇంటర్‌పొలేషన్ పద్ధతిలో చాలా గొప్ప పనితనం ఉంది.

చాలామంది మొదట 80ని 940తో భాగిస్తారు. 8.51 శాతం వస్తుంది. ఇది చేతికందే వడ్డీని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. 940 పెట్టి 1,000 పుచ్చుకోవడంలో వచ్చే 60 రూపాయల లాభం ఇందులో లేదు. కాబట్టి అసలు రాబడి 8.51 కంటే ఎక్కువే ఉండాలి. ముఖ విలువ కంటే తక్కువకు అమ్ముడయ్యే ప్రతి బాండుకూ ఇదే వరస: అన్నిటికన్నా చిన్నది కూపన్ రేటు, దానిపైన ఈ తక్షణ రాబడి, అన్నిటికన్నా పైన వైటీఎం. జవాబు ఈ వరసకు పొసగకపోతే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

రేటు తెలిస్తే ధర కట్టడం తేలిక. ఒక్కో ఏటి సొమ్మునూ ఆ రేటుతో ఇవాళ్టి విలువకు దించి కూడితే చాలు. ధర తెలిసి రేటు వెతకడమే కష్టం. 5 ఏళ్ల బాండులో తెలియని రేటు అయిదో ఘాతం దాకా ఎక్కుతుంది. అయిదో ఘాత సమీకరణాలన్నిటికీ పనికొచ్చేలా కూడికలు, గుణకారాలు, మూలాలతో రాసిన ఒకే సూత్రం ఉండదని నార్వే గణితవేత్త నీల్స్ హెన్రిక్ ఆబెల్ 1824లో నిరూపించాడు. అందుకే ఇంటర్‌పొలేషన్ కష్టమైన దారిని వదిలేస్తుంది. తేలికైన దారిలోనే రెండుసార్లు నడిచి, ఆ రెండు ధరల మధ్య జవాబును ఇరికిస్తుంది.

ఏ రెండు రేట్లతో నడవాలి? దీనికో చిన్న అంచనా ఉంది. 60 రూపాయల లాభాన్ని అయిదేళ్లకు పంచితే ఏడాదికి 12. దాన్ని 80కి కలిపితే 92. కొన్న ధరకూ ముఖ విలువకూ సగటు 970. 92ను 970తో భాగిస్తే దాదాపు 9.48 శాతం. ఇది జవాబు కాదు, తొమ్మిదికీ పదికీ మధ్య వెతకమని చెప్పే గుర్తు మాత్రమే.

ఇప్పుడు వర్తమాన విలువల పట్టిక తెరవాలి. 9 శాతం దగ్గర అయిదేళ్ల పాటు ఏటా వచ్చే రూపాయి విలువ 3.88965, అయిదేళ్ల తర్వాత వచ్చే ఒక్క రూపాయి విలువ 0.64993. మొదటిదాన్ని 80తో, రెండోదాన్ని 1,000తో గుణించి కూడితే రూ.961.10. 10 శాతం దగ్గర అవే అంకెలు 3.79079, 0.62092. ధర రూ.924.18. మన 940 ఈ రెంటి మధ్య పడింది. రేటు ఒక శాతం పెరిగితే ధర 36.92 తగ్గింది. మనం 961.10 నుంచి 940కి దిగాలి, అంటే 21.10 మేర. 21.10ని 36.92తో భాగిస్తే 0.57. తొమ్మిదికి కలిపితే 9.57 శాతం.

తప్పు ఎక్కువగా దొర్లేది ఈ చివరి భాగహారంలోనే. 21.10 బదులు 940కీ 924.18కీ ఉన్న తేడా 15.82ను తీసుకుని తొమ్మిదికి కలిపేస్తే 9.43 వస్తుంది. చూడ్డానికి అదీ నమ్మేలాగే ఉంటుంది. కానీ 940 ఏ ధరకు దగ్గరగా ఉందో చూస్తే చాలు. 924కే దగ్గర. కాబట్టి రేటు కూడా పదికే దగ్గరగా ఉండాలి. 9.43 తొమ్మిది వైపు ఒరిగింది కనుక తప్పు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. జవాబులో ఎంత పొరపాటు ఉందో, అది ఏ వైపు ఉందో కూడా ఈ లెక్కే చెబుతుంది. రేటును 8 నుంచి 12 దాకా ఒక్కో శాతం పెంచుతూ ధరలు రాయండి: 1,000, 961.10, 924.18, 889.12, 855.81. మొదటి మెట్టులో 38.90 తగ్గింది, తర్వాత 36.92, ఆపైన 35.06, చివర 33.31. మెట్టు మెట్టుకూ దిగుడు చిన్నదవుతోంది. అంటే ధర గీత తిన్నగా లేదు, లోపలికి వంగి ఉంది. మనం మాత్రం తొమ్మిదికీ పదికీ మధ్య దిగుడు సమానంగా పరుచుకున్నట్టు లెక్క కట్టాం. నిజానికి మొదటి అరశాతంలో 18.70, రెండో అరశాతంలో 18.22 దిగుతుంది. ధర ముందు భాగంలోనే ఎక్కువ పడుతుంది కాబట్టి 940ని మనం అనుకున్నదానికంటే కాస్త ముందే చేరుతుంది. అసలు రేటు మన జవాబు కంటే కొంచెం తక్కువే ఉంటుంది.

ఎంత తక్కువ? 9.57 శాతంతో ధర మళ్లీ కట్టి చూస్తే రూ.939.83. పదిహేడు పైసలు తగ్గింది, అంటే రేటు వెంట్రుకవాసి ఎక్కువైంది. 9.5 శాతం దగ్గర ధర 942.40. ఈసారి 9.5కూ 9.57కూ మధ్య అదే లెక్క చేస్తే 9.565 శాతం. ఇక మూడో దశాంశం దాకా మార్పేమీ లేదు.

అదే తొందరపడి 8, 12 శాతాలను కొసలుగా పెట్టుకుని ఉంటే 9.66 వచ్చేది. ఎడం నాలుగు రెట్లయితే పొరపాటు దాదాపు పదహారు రెట్లయింది. ఇరుకైన రెండు రేట్లు ఎంచుకోమని పరీక్షల పాఠాల్లో పట్టుబట్టేది ఇందుకే. ఆ మాట తేలిగ్గా తీసుకోకూడదు.

ఎక్సెల్‌లో ఈ పని ఒక్క వరుస:

```
=RATE(5,80,-940,1000)
```

9.565 శాతం చూపిస్తుంది. అదీ సూత్రంతో తెగ్గొట్టదు. వేరే అంచనా ఇవ్వకపోతే 10 శాతంతో మొదలుపెట్టి, జవాబు నిలకడగా వచ్చేదాకా సరిచేసుకుంటూ పోతుంది. ఇరవై ప్రయత్నాల్లో నిలకడ రాకపోతే తప్పు సంకేతం చూపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రిజర్వ్ బ్యాంకు వేలాల్లో అమ్మే బాండ్లకు వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది. వాటికి ఈ లెక్కను అలాగే వాడితే తప్పు. పై బాండే ఆరు నెలలకు రూ.40 చొప్పున పదిసార్లు ఇచ్చేదైతే, ఆరు నెలల రేటు 4.5 శాతం దగ్గర ధర 960.44, 5 శాతం దగ్గర 922.78. మధ్యలో 940కి ఆరు నెలల రేటు 4.77. బజారు వాడుక ప్రకారం దాన్ని రెట్టింపు చేస్తే ఏడాదికి సుమారు 9.54 శాతం. అలాంటి బాండు కొనాలనుకుంటే, పట్టిక తెరిచే ముందు కూపన్ ఏడాదికెన్నిసార్లు వస్తుందో చూసుకోండి.