ఒక్క భిన్నంలో ఇమిడిన నష్టభయం

1952లో పోర్ట్‌ఫోలియో గురించి రెండు వ్యాసాలు కొద్ది నెలల తేడాతో అచ్చయ్యాయి. మార్చిలో వచ్చినది హ్యారీ మార్కోవిట్జ్‌ది, దాని పేరు లోకమంతా తెలుసు. జులైలో 'ఎకనోమెట్రికా' పత్రికలో వచ్చినది ఎ.డి. రాయ్‌ది. పనితనం చూడాలంటే నేను రాయ్ దగ్గరికే వెళ్తాను. మదుపరి మనసులో మొదట మెదిలే ప్రశ్నతోనే ఆయన మొదలుపెట్టాడు: నా డబ్బు ఫలానా గీత కిందికి పడిపోయే అవకాశం ఎంత?

ఆ గీతను సున్నా దగ్గర గీద్దాం. అంటే ఏడాది తిరిగేసరికి పెట్టినదాంట్లో కొంత పోవడం. ఈక్విటీ సగటు రాబడి 12 శాతం, ప్రామాణిక విచలనం 20 శాతం అనుకుందాం. సగటు నుంచి సున్నాకి రావాలంటే 12 దిగాలి. ఒక్కో మెట్టు ఎత్తు 20. కాబట్టి దిగాల్సింది 12/20, అంటే 0.6 మెట్లు. రాబడులు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ని అనుసరిస్తే, అంతకన్నా కిందికి పడే సంభావ్యత 27.4 శాతం. ఎక్సెల్‌లో ఇలా కొడితే అదే 0.274 వస్తుంది:

```
=NORM.DIST(0,12,20,TRUE)
```

డెట్ ఫండ్ సగటు 7, విచలనం 5 అయితే భిన్నం 1.4, నష్టపు సంభావ్యత 8.1 శాతం. సగటు తక్కువైనా మెట్లు ఎక్కువ. సగటును విచలనంతో భాగిస్తే వచ్చే ఈ ఒక్క అంకెలోనే విషయమంతా ఉంది. అది పెరిగితే నష్టపు అవకాశం తగ్గుతుంది.

ఇక్కడి నుంచే రాయ్ నేర్పు కనిపిస్తుంది. నష్టం వద్దనుకునేవాడు మొత్తం డెట్‌లోనే ఉంచాలి కదా అనిపిస్తుంది. పదో వంతు ఈక్విటీలో పెట్టి చూద్దాం. రెండింటి ఒడిదుడుకులకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనుకుంటే విచలనాలను నేరుగా కూడకూడదు, వాటి వర్గాలను కూడాలి. ఈక్విటీ వాటా విచలనం 2, దాని వర్గం 4. డెట్ వాటాది 4.5, వర్గం 20.25. మొత్తం 24.25, దాని వర్గమూలం 4.92. సగటు 7 నుంచి 7.5కి పెరిగింది, విచలనమేమో 5 కన్నా కాస్త తగ్గింది. భిన్నం 1.52కి చేరింది, నష్టపు సంభావ్యత 6.4 శాతానికి దిగింది. ఎక్కువ ఊగే వస్తువును కొద్దిగా కలిపితే మొత్తం మీద భద్రత పెరిగింది! ఈ అంకెలకు దాదాపు ఇదే సరైన పాలు. ఈక్విటీని ఐదో వంతుకు పెంచితే సంభావ్యత మళ్లీ 7.9 శాతానికి ఎక్కుతుంది.

నాకు ఇంకా నచ్చింది మరొకటి. రాయ్ తన వాదనను నార్మల్ డిస్ట్రిబ్యూషన్ మీద నిలబెట్టలేదు. సగటు, విచలనం తప్ప మరేమీ తెలియనప్పుడు కూడా పనిచేసే చెబిషెవ్ అసమానత మీద కట్టాడు. దాని ప్రకారం నష్టపు సంభావ్యత ఆ భిన్నపు వర్గంతో 1ని భాగించగా వచ్చేదానికి మించదు. మన మిశ్రమానికి అది 43 శాతం. 6.4 ఎక్కడ, 43 ఎక్కడ! ఆ ఎడం నార్మల్ అనే ఊహ మనకిచ్చిన బహుమతి. అయితే రెండు దారుల్లోనూ పెంచాల్సింది అదే భిన్నం. కాబట్టి పంపిణీ ఆకారం తెలియకపోయినా ఏ పాళ్లు ఎంచుకోవాలన్న జవాబు మారదు. మారేది దాని పక్కన రాసుకునే శాతమే.

ఆ శాతాన్ని మాత్రం గట్టిగా నమ్మకూడదు. 2007 చివర 20,287 దగ్గరున్న సెన్సెక్స్ 2008 చివరికి 9,647కి పడింది, అంటే 52 శాతం పతనం. సగటు 12, విచలనం 20 అయితే ఇది 3.2 మెట్ల కింద ఉంది. అలాంటి ఏడాది వెయ్యేళ్లకు ఒకటి కూడా రాకూడదు. ఇలాంటిది కళ్లముందే జరిగితే తప్పు రెండు చోట్ల ఉండవచ్చు: పంపిణీ తోక మనమనుకున్నదానికన్నా లావుగా ఉండటం, లేదా విచలనాన్నే తక్కువగా అంచనా వేయడం. చాలామంది మొదటిదాన్నే తప్పుపడతారు. నేనైతే ముందు రెండోదాన్ని చూస్తాను. విచలనం 30 అని పెట్టి లెక్కిస్తే అదే పతనం 2.1 మెట్లకు వస్తుంది, సంభావ్యత 1.6 శాతం అవుతుంది. అరుదే కానీ వింత కాదు.

ఈ మార్పు మన మిశ్రమాన్నీ కదిలిస్తుంది. పదో వంతు ఈక్విటీ అలాగే ఉంచితే మొత్తం విచలనం 5.41, భిన్నం 1.39, నష్టపు సంభావ్యత 8.3 శాతం. అంటే అంతా డెట్‌లో ఉంచినప్పటి 8.1 కన్నా ఎక్కువే. కొత్త అంకెలకు తగిన ఈక్విటీ వాటా నాలుగున్నర శాతం, అక్కడ సంభావ్యత 7.3కి దిగుతుంది.