తాంబూలం మాది, చీర మీది

ముదిగుబ్బలో మా రైతు ఉత్పత్తిదారుల సంఘానికి కొనుగోళ్లు చూసేది నేనే. వేరుశనగ విత్తనకాయ, డ్రిప్పు పైపులు, గోతాలు అన్నీ బయటి నుంచే రావాలి. అమ్మేవాళ్లు చాలామంది, కొనే చెయ్యి ఒకటే. అందుకే పండగొస్తే స్వీటు బాక్సులు వాటంతట అవే వస్తాయి. వాటితో పేచీ లేదు. ఆఫీసు బల్లమీద అందరి ముందూ విప్పి హమాలీలతో సహా పంచేస్తాం, తెచ్చినాయన చేతిలోనూ ఒకటి పెడతాం. కష్టమంతా ధర్మవరం పట్టుచీరతోనే.

మా ఇంట్లో పాప పెళ్లికి ముందు, కదిరి వైపు నుంచి మాకు కాయ తోలే వ్యాపారి ఒకాయన భార్యతో ఇంటికొచ్చాడు. పళ్లెంలో వక్కాకు, అరటిపండ్లు, టెంకాయ, పసుపు కుంకుమ. వాటి కింద చీర. విత్తనకాయ ధర తేల్చుకోవాల్సిన వారమది.

‘‘ఆడబిడ్డకు పెడతాండాం అక్కా, వద్దనొద్దు’’ అన్నాడు మా ఆవిడతో.

మా సీమలో ఇంటికొచ్చిన పళ్లేన్ని తోసేస్తే మొహాన కొట్టినట్టే. అందుకని పళ్లేన్నీ చీరనూ రెండుగా చూడాలి. మా ఆవిడ బొట్టు పెట్టించుకుంది, వక్కాకు, పండ్లు తీసుకుంది. ఆమెకు తిరుగు తాంబూలంగా రవికగుడ్డ పెట్టి, దాంతోపాటే చీర కూడా ఆమె చేతిలోనే పెట్టింది. నేను వ్యాపారితో చెప్పిందింతే: ‘‘అన్నా, మీ పసుపు కుంకుమ తీసుకున్నాం, మర్యాద ముట్టింది. నీ దగ్గర కాయ కొనేది సంఘం డబ్బుతో. సరుకిచ్చేవాళ్ల దగ్గర మాలో ఎవ్వరం ఏమీ తీసుకోమని తీర్మానం రాసుకున్నాం. పెళ్లికి మాత్రం మీరిద్దరూ రావాల. చదివింపులు నూట పదహారు దాటొద్దు.’’

‘ఇప్పుడొద్దులే’ అని ఉంటే, కొన్నాక తీసుకుంటాననే అర్థం వచ్చేది. ‘ఈ రంగు మావాళ్లు కట్టరు’ అని ఉంటే మర్నాడు ఇంకో రంగు వచ్చేది. తీర్మానం మాట ఎత్తితే ఆయన మీద అనుమానమూ ఉండదు, నా గొప్పా ఉండదు. ఇంకొకటి, చీర ఆ కూర్చున్న కూర్చోవడంలోనే తిరిగిపోవాలి. రాత్రి బీరువాలో పడుకున్న చీరను పొద్దున డ్రైవరు చేత పంపితే ఊరంతా చూస్తుంది, ఆయన పరువు పోతుంది. మర్నాడు నేనొక వాట్సాప్ మెసేజ్ పెట్టాను. వచ్చినందుకు సంతోషమనీ, తాంబూలం అందిందనీ, చీర తిరిగి ఇచ్చామనీ మూడు ముక్కలు. మా అధ్యక్షుడికీ అదే పంపాను.

పెళ్లికి వచ్చారు. నూట పదహారే చదివించారు, పుస్తకంలో ఉంది.

జూన్‌లో ఆయన కాయ దిగింది, కే-6 రకం. వేర్వేరు మూటల్లోంచి కాయ తీసి, ఒలిచి, ఏరకుండా నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో వరసలుగా పరిచి చుట్టి నీడన పెట్టాం. ఏరి పెట్టుకుంటే ఆ పరీక్షకు అర్థం లేదు. గోనె తడి ఆరకూడదు, నీళ్లు కారేంతగానూ ఉండకూడదు. పదోనాడు విప్పితే 61 మొలకలు. వేరుశనగ విత్తనానికి కనీసం 70 ఉండాలని ప్రమాణం. ఫోన్ చేస్తే ఆయన ఒప్పుకోలేదు, మీ గోనెదే తప్పన్నాడు. రమ్మని ఆయన చేతే మూటలు ఎంపిక చేయించి మళ్లీ పెట్టాం. ఈసారి 63. మాట్లాడకుండా లోడు మార్చి ఇచ్చాడు. పదును దాటకముందే విత్తనం పడింది. ఆ చీర మా బీరువాలో ఉండి ఉంటే ఆ మొదటి ఫోన్ నేను ఎట్లా చేసేవాణ్ణో నాకైతే తెలియదు.

టూర్ల సంగతి వేరు. గోవా, థాయిలాండ్ అంటూ కంపెనీల మనుషులు వస్తారు. వీళ్లకు తాంబూలం అక్కర్లేదు, లెక్క చెబితే చాలు. వ్యాపారం చేసేవాళ్లకు ఇచ్చే ఇలాంటి లాభం ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే, ఇచ్చేవాళ్లు 10 శాతం టీడీఎస్ కట్టాలని 2022 జూలై 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ సెక్షన్ తెచ్చారు. సంస్థలో పనిచేసే మనిషి అనుభవించినా, అది సంస్థ పేరుమీదే పడుతుందని పన్ను శాఖ సర్క్యులర్‌లో వివరించింది. అంటే బీచిలో తిరిగేది నేను, పాన్‌లో కనిపించేది సంఘం. ఈ మాట చెబితే ఆ కుర్రాళ్లు నవ్వేసి టీ తాగి పోతారు. వాళ్లకూ టార్గెట్లుంటాయి పాపం, కోపగించుకోవాల్సిన పనిలేదు.

మీ సంఘంలో, సొసైటీలో, బడి కమిటీలో కొనుగోళ్లు చూసేవాళ్లెవరైనా ఉంటే, ఈ పండగలోపే మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యం రాయించండి: ‘సరుకు ఇచ్చేవారి నుంచి సభ్యులుగానీ సిబ్బందిగానీ, వారి కుటుంబాలుగానీ అక్కడికక్కడే పంచుకునే తినుబండారం, తాంబూలం తప్ప మరేదీ తీసుకోరు.’ కొటేషన్లు అడిగే ఉత్తరంలో కింద అదే వాక్యం అచ్చు వేయించండి. పళ్లెం ఇంటికి రాకముందే ఆ మాట వాళ్లకు చేరాలి.