గ్యాలన్‌కి 33.7 యూనిట్లు

అమెరికాలో షోరూముకి వచ్చే ప్రతి కొత్త కారు కిటికీ అద్దానికీ ఒక చీటీ అంటించి ఉంటుంది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనల ప్రకారం వేసే మైలేజీ చీటీ అది. 2011 నిస్సాన్ లీఫ్ చీటీ మీద ఉన్న అంకె 99. గ్యాలన్‌కి 99 మైళ్లతో సమానం అని దానర్థం. చుక్క పెట్రోలు తాగని బండికి గ్యాలన్ లెక్క ఎలా కట్టారు? కట్టిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

అంతా 33.7 అనే అంకె మీద నిలబడి ఉంది. ఒక అమెరికన్ గ్యాలన్, అంటే 3.785 లీటర్ల పెట్రోలు కాలితే వచ్చే శక్తి 33.7 కిలోవాట్ అవర్లు. మన కరెంటు బిల్లులో యూనిట్ అనేది ఈ కిలోవాట్ అవరునే. లీటరుకి 8.9 యూనిట్లన్నమాట. దీన్ని ఎవరైనా ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు. లీటరు పెట్రోలు సుమారు 745 గ్రాములు తూగుతుంది. కిలో పెట్రోలు కాలితే 43 మెగాజౌళ్ల వేడి వస్తుంది కాబట్టి లీటరుకి 32. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. 32ని 3.6తో భాగిస్తే 8.9 వచ్చేస్తుంది. డీజిల్‌కి కిలో లెక్కన వేడి కాస్త తక్కువే. అయినా లీటరు 835 గ్రాముల దాకా తూగుతుంది కనుక దాదాపు 10 యూనిట్లు పలుకుతుంది. డీజిల్ బండి మైలేజీలో కొంత గొప్ప ఇంజనుది కాదు, ఆ బరువుది.

ఆ 43 వెనక ఒక నిర్ణయం ఉంది. పెట్రోలు కాలినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఆ ఆవిరిని చల్లార్చి నీరు చేస్తే మరికొంత వేడి దక్కుతుంది, అప్పుడు లీటరుకి 9.5 యూనిట్ల పైన చూపించవచ్చు. కానీ కారులో ఆ ఆవిరి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. అందుకని ఆ వేడిని లెక్కలోంచి తీసేశారు. ఎక్కడైనా లీటరుకి 9.6 అని కనబడితే తప్పనుకోనక్కర్లేదు, ఆవిరిని కూడా కలిపారని పోల్చుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కరెంటు వైపు కొలత ఎక్కడ తీసుకున్నారన్నది. లీఫ్ బ్యాటరీ 24 యూనిట్లది, చీటీ ప్రకారం ఒక చార్జింగుతో 73 మైళ్లు పోతుంది. 24ని 73 మైళ్లకి పంచితే 100 మైళ్లకి 33 యూనిట్లు చాలనిపిస్తుంది. చీటీ మాత్రం 34 అంటుంది. ఎందుకంటే ఈపీఏ బ్యాటరీ మీద రాసిన అంకె జోలికి పోదు. గోడకున్న ప్లగ్గు దగ్గర ఎంత కరెంటు లాగిందో కొలుస్తుంది. చార్జరు వేడెక్కి పోగొట్టుకున్నది కూడా అందులో పడుతుంది. పెట్రోలు బండికి ట్యాంకులో పోసినదంతా లెక్కలోకి వస్తున్నప్పుడు, కరెంటు బండికి మినహాయింపు దేనికి? 33.7ని 0.34తో భాగిస్తే 99. ఆ 34ని కూడా చీటీ మీదే అచ్చువేశారు. కరెంటు ఖర్చు చూసుకునేవాడికి పనికొచ్చేది అదే.

మన కొలతల్లో 34 అంటే 100 కిలోమీటర్లకి 21 యూనిట్లు. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు అదే దూరానికి 6.7 లీటర్లు, అంటే 59 యూనిట్ల శక్తి తాగుతుంది. ఇక్కడ ఒక సవరణ అవసరం. ఈ 8.9 ఇథనాల్ కలపని పెట్రోలుది. లీటరు ఇథనాల్‌లో ఉండేది 5.9 యూనిట్లే. మన బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి 8.3 వేసుకోవాలి.

21కీ 59కీ మధ్య తేడా చూసి సంబరపడేముందు, లెక్క ప్లగ్గు దగ్గరే ఆగిపోయిందని గుర్తుంచుకోవాలి. ఆ కరెంటు ఎలా పుట్టిందో చీటీకి పట్టదు. మన అపార్టుమెంటు సెల్లార్లో ఉండే జనరేటరునే తీసుకోండి. లీటరు డీజిల్‌లో 10 యూనిట్ల శక్తి ఉన్నా అది చేతికిచ్చేది మూడు, మూడున్నర. మిగతాది పొగగొట్టంలోంచీ రేడియేటర్లోంచీ వేడిగా పోతుంది. ఆ జనరేటరుతో లీఫ్‌ని చార్జి చేస్తే 21 యూనిట్లకి ఆరున్నర లీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. లీటరుకి 15 కిలోమీటర్ల పైచిలుకు, ఇంచుమించు ఆ పెట్రోలు కారంతే.

ఈ సంగతి అమెరికా వాళ్లకి తెలియక కాదు. కంపెనీల సగటు మైలేజీ లెక్కల కోసం అక్కడి ఇంధన శాఖ 2000లో ఇంకో సూత్రం రాసింది. అందులో ఇదే 33.7ని తీసుకుని, కరెంటు కేంద్రాల్లో నిలిచే 32.8 శాతంతో, లైన్లలో మిగిలే 92.4 శాతంతో గుణించి, పెట్రోలు శుద్ధి, రవాణాల్లో మిగిలే 83 శాతంతో భాగించారు. గ్యాలన్‌కి 12.3 యూనిట్లు తేలింది. ఆ లెక్కన లీఫ్‌కి వచ్చేది 36 మైళ్లు.