హారన్ మోగినప్పుడు ఆగిన పాఠం

సాతంరాయిలో మా డాబా ఎక్కితే ఒక పక్క బెంగళూరు హైవే కనిపిస్తుంది. దక్షిణం వైపు దూరంగా విమానాలు లేస్తూ, దిగుతూ ఉంటాయి. పోయిన ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం మా ఊరి అమ్మాయి ఒకతె ఆ డాబా మీదికే తన సినాప్సిస్ పట్టుకుని వచ్చింది. ఎం.ఎడ్. రెండో ఏడాది. హైవేకి దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక బడిలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. గైడు మొదటి పేజీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "సమస్య ఏది?" అని ఒక్క మాట రాసి పంపారట. "సమస్య రాసిన కద సార్, ఇంకేం రాయాలె?" అంది. కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ.

బి.ఎడ్., ఎం.ఎడ్. పిల్లలకు ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. ఆ పేజీ చదువుతుంటే అలాంటివి కొన్ని వందలు గుర్తొచ్చాయి. ఆ పేజీ ఇలా ఉంది: "కొఠారీ కమిషన్ నుంచి 2020 జాతీయ విద్యా విధానం వరకు అన్నీ నాణ్యమైన విద్య ఆవశ్యకతను నొక్కి చెప్పాయి. పట్టణీకరణ, వాహనాల రద్దీ, 2008లో ప్రారంభమైన విమానాశ్రయం వల్ల శంషాబాద్ ప్రాంతంలో శబ్ద కాలుష్యం తీవ్రమైంది. ఇది విద్యార్థుల చదువుపై దుష్ప్రభావం చూపుతోంది. దీనిపై మండలంలో ఇంతవరకు అధ్యయనం జరగలేదు. కావున ఈ అధ్యయనం అవసరం." పైన శీర్షికలో శబ్ద కాలుష్య ప్రభావం, దాని వెనక మన థీసిస్‌లలో తప్పకుండా ఉండే తోక: లింగం, ప్రాంతం, యాజమాన్యం దృష్ట్యా ఒక అధ్యయనం.

ఇందులో అబద్ధం లేదు. ఆ అమ్మాయి బాధ కూడా నిజమే, పాఠం చెబుతుంటే గొంతు పోతోందని నాతో చాలాసార్లు అంది. కానీ ఇది బాధను చెప్పే పేరా, సమస్యను చెప్పేది కాదు. మూడో వాక్యం చూడమన్నాను. దుష్ప్రభావం చూపుతోందని నువ్వే తేల్చేశావు, ఇక పరిశోధన దేనికమ్మా? జవాబు ముందే తెలిసిన చోట ప్రశ్న పుట్టదు. నాలుగో వాక్యం ఇంకా పెద్ద చిక్కు. మండలంలో ఎవరూ చేయలేదన్నది ఖాళీయే, కానీ ఎలాంటి ఖాళీ? మహేశ్వరంలో చేయలేదు, మొయినాబాద్‌లోనూ చేయలేదు. వేరేచోట తేలిన సంగతి ఇక్కడ ఎందుకు వర్తించదో చెప్పగలిగినప్పుడే ఊరి పేరుకు బలం. ఆ పేరాలో శంషాబాద్ కొట్టేసి ఆదిలాబాద్ రాయి, విమానాశ్రయం తీసేసి బస్టాండు పెట్టు, ఒక్క మాట కూడా కదలదు. కదలలేదంటే ఆ పేరా ఏ ఊరిదీ కాదు.

కాగితం మీద దిద్దడం ఆపి రెండు రోజులు బడిలో కూర్చోమన్నాను. చేయాల్సిన పని ఒక్కటే. టీచరు చెబుతున్న మాట మధ్యలో ఆగిన ప్రతిసారీ నోటుబుక్కులో ఒక గీత, ఎందుకు ఆగిందో పక్కన ఒక మాట. మూడో రోజు ఆ నోటుబుక్కు తెచ్చింది. గీతల పక్కన లారీ హారన్, బస్సు హారన్, మళ్లీ లారీ, ఒక చోట అంబులెన్స్. విమానం పేరు ఒక్కచోట కూడా లేదు. చప్పుడు వినిపించిందట, పాఠం మాత్రం ఆగలేదట. ఆమె ఆశ్చర్యపోయింది గాని, పటం చూస్తే ఇది తెలిసే సంగతే. శంషాబాద్‌లో రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. దిగే విమానమైనా, లేచే విమానమైనా తక్కువ ఎత్తులో పోయేది ఆ రెండు దిక్కుల ఊళ్ల మీదుగానే. సాతంరాయి ఉత్తరాన ఉంది. మా ఊరిని పట్టుకున్నది హైవే.

శబ్ద కాలుష్యం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాగి ఉన్నాయని నోటుబుక్కు చూశాకే తెలిసింది. పరిశోధన చదవడానికి కూర్చుంటే ఈ తేడా ఇంకా పెద్దదని తేలింది. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల చుట్టూ 89 బడుల్లో తొమ్మిది, పదేళ్ల పిల్లలు 2,844 మందిని చూసిన 'రాంచ్' అధ్యయనం 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. విమానాల మోత పెరిగేకొద్దీ చదివి అర్థం చేసుకునే శక్తి తగ్గిందని అది చూపింది. రోడ్డు మోతకు చదువుతో అలాంటి సంబంధం అందులో కనిపించలేదు. ఇది విని ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది, "అయితే నా టాపిక్ పోయినట్టేనా సార్" అని. పోలేదు. 2022లో బార్సిలోనా నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. 38 బడులు, ఏడు నుంచి పదేళ్ల పిల్లలు 2,680 మంది, ఏడాది పొడవునా నాలుగుసార్లు పరీక్ష. బడి దగ్గర రోడ్డు మోత ఎక్కువైన చోట, అప్పటికప్పుడు అందిన సంగతిని మనసులో పట్టి ఉంచుకునే శక్తి నెమ్మదిగా ఎదిగిందని, ధ్యాస కూడా చెదిరిందని అందులో తేలింది. తరగతి గదిలో మోత ఉన్నట్టుండి పెరిగి తగ్గడం, సగటు మోత కంటే ఎక్కువగా పిల్లల ధ్యాసను చెదరగొట్టిందని కూడా ఉంది. హారన్ అంటే అదే కదా.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచినప్పుడు, పరిశోధకులు ముందే రెండు చోట్లా పిల్లల్ని పరీక్షించి, మార్పు తర్వాత మళ్లీ పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గర చదవడం, జ్ఞాపకం దెబ్బతిన్నాయి, పాతదాని దగ్గర మెరుగయ్యాయి. బేగంపేట నుంచి 2008 మార్చిలో మన విమానాలు శంషాబాద్‌కు మారినప్పుడు అచ్చంగా అలాంటి అవకాశమే మన చేతిలో ఉంది. అప్పట్లో నేను ఈ జిల్లాలోనే పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్న అడగాలని నాకే తట్టలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రెండో సినాప్సిస్ పది రోజులకు వచ్చింది. మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. కొఠారీ కమిషన్ పోయింది, విమానాశ్రయం పోయింది. రోడ్డు మోత చదువును దెబ్బతీయదని ఒక అధ్యయనం, ధ్యాసను దెబ్బతీస్తుందని ఇంకొకటి చెబుతున్నాయి, ఈ వైరుధ్యం తేలలేదు, నేను తేలుస్తాను అని రాసింది. చదవగానే ముచ్చటేసింది. కానీ రెండు చిక్కులున్నాయి. మొదటిది, అది నిజమైన వైరుధ్యం కాదు. ఆ మొదటి ఫలితం చదివి అర్థం చేసుకోవడం గురించి, రెండోది ధ్యాస, పని జ్ఞాపకం గురించి. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. రెండు ఫలితాలను ఎదురెదురుగా నిలబెట్టే ముందు అవి ఒకే వస్తువును కొలిచినవేనా కాదా చూసుకోవాలి. చాలా థీసిస్‌లు ఇక్కడే జారిపోతాయి. రెండోది, వేల మంది పిల్లలతో ఏడాది పట్టిన ప్రశ్నను ఒక్క బడిలో నాలుగు నెలల్లో ఎం.ఎడ్. విద్యార్థి తేల్చలేరు. తేలని సంగతి అయితే చాలదు, మన చేతికందేంత చిన్నది కూడా కావాలి.

మళ్లీ నోటుబుక్కు తీయించాను. గీతల పక్కన ఆమె రాసుకున్న చిన్న మాటలు అప్పుడు కనిపించాయి. పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో ఒక చోట "హారన్ – టీచర్ మాట పోయింది – పిల్ల తెలుగు పేజీ చూసింది" అని ఉంది. కింద ఇంకో చోట "హారన్ – పిల్లడు తెలుగు పేజీలోనే ఉండిపోయాడు". వేలు అక్కడ పెట్టి, ఇదేంటమ్మా అని అడిగాను. "పుస్తకంల ఒక పక్క ఇంగ్లిషు, ఇంకో పక్క తెలుగు ఉంటది కద సార్, మాట వినవడకుంటే అటు చూస్తరు" అంది.

సమస్య అక్కడుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది, దానితో పాటే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. గోలలో మాట వినడం ఎవరికైనా కష్టమే. సొంత భాషైతే పోయిన ముక్కను మనసు పూరించుకుంటుంది, కొత్త భాషలో అంత సులువుగా పూరించుకోలేదు. ఇంతవరకు తెలిసిందే. మరి ఎదురుగా తెలుగు పేజీ తెరిచి ఉన్నప్పుడు ఏమవుతుంది? పోయిన మాటను ఆ పేజీ పూడుస్తుందా, లేక పిల్ల అటు చూస్తుండగానే టీచరు చెప్పే తర్వాతి వాక్యం కూడా పోతుందా? మేం చదివినవాటిలో దీనికి జవాబు దొరకలేదు. రాంచ్‌లోనూ బార్సిలోనాలోనూ ఇలాంటి పుస్తకం లేదు. ఇక్కడ సాతంరాయి పేరు రాయడానికి కారణం ఉంది. ఎవరూ చేయలేదని కాదు, హైవే, తెరిచిన కిటికీలు, రెండు భాషల పుస్తకం ఒకే గదిలో కలిశాయి కాబట్టి.

ఇది తెలియకపోతే నష్టం ఎవరికి అన్నది కూడా రాయమన్నాను. ఆమె ఆ బడిలోనే చూసింది. ఒక టీచరు వినేటప్పుడు పుస్తకం మూయమంటారు, ఇంకొకరు తెరిచి ఉంచమంటారు. ఇద్దరూ పిల్లల మంచికే చెబుతున్నారు, ఇద్దరికీ ఆధారం లేదు. జవాబు ఎటు తేలినా రేపటి నుంచి ఒకరు తమ పద్ధతి మార్చుకోవాల్సి వస్తుంది. సమస్య ప్రకటనలో నేను ముందుగా వెతికేది ఈ వాక్యాన్నే. అది లేకపోతే మిగతాదంతా సమాచారమే.

మూడో ప్రకటన అయిదే వాక్యాలు. మూడో తరగతి, రోడ్డు వైపు గది, వెనక గది. ఒకే తీరు కష్టం ఉన్న చిన్న పాఠ్యభాగాలు టీచరు ఇంగ్లిషులో చెబుతారు, కొన్నిసార్లు పుస్తకం తెరిచి, కొన్నిసార్లు మూసి. పిల్లలు గదులు మార్చుకుంటారు, లేకపోతే తేడా గదిదో పిల్లలదో తెలియదు. జవాబులు తెలుగులో చెప్పినా ఒప్పుకోవాలి, కొలిచేది అర్థాన్ని గాని ఇంగ్లిషు మాట్లాడటాన్ని కాదు. ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్ ఏ గది ఎక్కువ మోతగా ఉందో చెప్పడానికి పనికొస్తుంది, అందులో కనిపించే డెసిబెల్ అంకెను మాత్రం థీసిస్‌లో రాయకూడదు. దానికి సరిచూసిన మీటరు తెచ్చుకోవాలి. ఒక్క బడి కాబట్టి ఫలితం రాష్ట్రమంతటికీ అని చెప్పుకోవద్దని కూడా అనుకున్నాం.

కమిటీలో ఒకరు, మరి లింగం, యాజమాన్యం ఏవమ్మా అని అడిగారట. "ఒకటే బడి సార్, యాజమాన్యం ఒకటే" అని చెప్పి, సంచిలోంచి మూడో తరగతి పుస్తకం తీసి, ఇంగ్లిషు పేజీ, తెలుగు పేజీ ఎదురెదురుగా వాళ్ల ముందు పరిచిందట.