నాలుగు మూలల మీద గుండ్రటి కప్పు

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లోకి వెళ్లిన వాళ్లు తల పైకెత్తి గుమ్మటాన్ని చూస్తారు. మేస్త్రీ పనితనం తెలియాలంటే చూపు కాస్త దించి, గోడల మూలలు చూడాలి. కింద గది నలుచదరం, పైన కప్పు గుండ్రం. చదరం మీద గుండ్రం పెడితే గోడల నడిమి భాగాల దగ్గర మాత్రమే ఆనుతుంది. నాలుగు మూలల్లోనూ దానికింద ఏమీ ఉండదు. ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్నదే గుమ్మటం కట్టిన ప్రతి మేస్త్రీకీ మొదటి చిక్కు. మూలకు అడ్డంగా ఒక చిన్న కమాను వేసి, చదరాన్ని ఎనిమిది పలకలుగా చేసి, దాని మీద గుండ్రం కూర్చోబెట్టడం ఒక పద్ధతి. దక్కనులోనూ ఇరానులోనూ అది బాగా నడిచింది. గది చిన్నదైతే సుఖంగా కుదురుతుంది.

గది పక్క కొలత 31 మీటర్లయితే? 532లో కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, ఇద్దరు మనుషుల ముందుకొచ్చిన ప్రశ్న ఇదే. ఆ ఏడు జనవరిలో ఊళ్లో పెద్ద తిరుగుబాటు జరిగి పాత చర్చి కాలిపోయింది. చక్రవర్తి జస్టీనియన్ నెలదాటగానే, ఫిబ్రవరి 23న, కొత్తదానికి పునాది వేయించాడు. పని అప్పగించింది ట్రాలెస్ ఊరివాడైన ఆంతేమియస్‌కీ, మిలేటస్ ఊరివాడైన ఇసిడోర్‌కీ. ఇద్దరికీ పేరు తెచ్చింది తాపీపని కాదు, గణితం. హాగియా సోఫియా అనే ఆ కట్టడాన్ని చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. అందులోని గొప్పతనమూ లోపమూ రెండూ అక్కడినుంచే వచ్చాయి.

వాళ్లు ఎంచుకున్న ఉపాయం పేరు పెండెంటివ్. దాన్ని వాళ్లు కనిపెట్టలేదు, రోమన్ల కాలంలోనే చిన్న గదుల మీద కట్టారు. ఇంత వెడల్పు మీద మాత్రం అంతకుముందు ఎవరూ సాహసించలేదు. బొమ్మ లేకుండా అర్థం కావాలంటే ఒక బత్తాయిని అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపు కిందికి బోర్లించండి. ఇప్పుడు నాలుగు వైపులా కత్తితో నిట్టనిలువుగా చెక్కేస్తే అడుగు నలుచదరంగా మిగులుతుంది. చెక్కిన నాలుగు ముఖాల మీదా నాలుగు అర్ధచంద్రాలు కనిపిస్తాయి. అవే నాలుగు పెద్ద కమానులు. ఆ అర్ధచంద్రాల నెత్తి తగిలే ఎత్తులో పైభాగాన్ని బల్లపరుపుగా కోసి తీసేయండి. తొక్కలో మూలమూలకీ మిగిలిన వంపు తిరిగిన మూడు కోణాల ముక్కలే పెండెంటివ్‌లు. కింద ఒక్క మొనగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పై, లోపలికి ఒరిగి, పైన నాలుగూ కలిసి ఒక పూర్తి వలయమవుతాయి. ఆ వలయం మీద గుమ్మటం కూర్చుంటుంది.

లెక్క వేసి చూస్తే దీని అందం ఇంకా బాగా తెలుస్తుంది. చదరం పక్క 31 మీటర్లు, కాబట్టి మూలనుంచి మూలకు సుమారు 43.8 మీటర్లు. ఊహించుకున్న గోళానికి అదే వ్యాసం. కమానుల వ్యాసార్ధం 15.5 మీటర్లు. అంత ఎత్తులో గోళాన్ని కోస్తే మిగిలే వలయం వ్యాసం మళ్లీ సరిగ్గా 31 మీటర్లే వస్తుంది. అంటే గది వెడల్పంతా గుమ్మటానికి దక్కింది, మూలల కోసం ఒక్క అడుగు కూడా వదులుకోలేదు. పైన పడిన బరువు వలయంమీదుగా కమానులకూ పెండెంటివ్‌లకూ, వాటినుంచి నాలుగు మూలల్లోని నాలుగు బ్రహ్మాండమైన దిమ్మలకూ దిగుతుంది. గోడలు బరువు మోయనక్కర్లేదు కనుక వాటినిండా కిటికీలు పెట్టుకోవచ్చు. రోములోని పాంథియన్ గుమ్మటం దీనికంటే పెద్దది, వ్యాసం 43 మీటర్ల పైమాటే. కానీ అది గుండ్రటి గోడ మీద గుండ్రటి కప్పు. చుట్టూ ఆరు మీటర్ల మందం గోడ మోస్తోంది. ఇక్కడ మోసేవి నాలుగు చోట్లు.

ఇంతవరకూ కాగితం మీద అంతా బాగుంది. అయితే పెండెంటివ్ తీర్చేది మూల చిక్కును మాత్రమే. గుమ్మటానికి ఇంకో గుణం ఉంది, అది బరువును కిందికి దించడంతో ఊరుకోదు, పక్కలకు తోస్తుంది. ఎంత పల్లంగా ఉంటే అంత గట్టిగా తోస్తుంది. పైన చెప్పిన గోళాన్నే కోయకుండా కొనసాగిస్తే వలయం దగ్గర కప్పు వాలు 45 డిగ్రీలు ఉంటుంది. అంటే లెక్క ప్రకారం కిందికి ఎంత బరువు దిగుతుందో పక్కకూ అంతే తోపు. ఆ తోపును ఆపడానికి తూర్పు పడమరల్లో అదే వెడల్పున్న అర్ధగుమ్మటాలు ఆసరా ఇచ్చాయి. ఉత్తర దక్షిణాల్లో అలాంటివి లేవు. అటువైపు నిలబడ్డవి దిమ్మల వెనక కట్టిన ఆనుడు కట్టడాలు మాత్రమే. తోపు నాలుగు వైపులకూ సమానం, ఆసరా మాత్రం రెండు వైపులకే గట్టిది. నా దృష్టిలో ఈ కట్టడం కథంతా ఈ అసమానంలోనే ఉంది.

దానికి తోడు తొందర. 532లో మొదలైన పని 537 డిసెంబరు 27న ప్రతిష్ఠ దాకా వచ్చేసింది. ఆరేళ్లు కూడా నిండలేదు. అప్పటి సున్నం గచ్చు మన పాతకాలపు గానుగ సున్నానికి దగ్గరి చుట్టమే, సున్నంలో ఇటుకపొడి, ఇటుకముక్కలు కలిపేవారు. మనం సుర్కి అంటామే, అదే. మన మేస్త్రీకి ఆశ్చర్యం కలిగించేది దాని మందం. ఇటుక నాలుగైదు సెంటీమీటర్లుంటే మధ్యలో గచ్చు కూడా అంతే, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. అంటే కమానుల్లోనూ కప్పులోనూ సగానికి సగం గచ్చే. సున్నం గచ్చు సిమెంటులా నెలరోజుల్లో గట్టిపడేది కాదు, మందంగా వేస్తే లోపల ఏళ్లు పడుతుంది. ఆ పచ్చి కట్టడం మీదికే పైబరువు వచ్చిపడింది. దిమ్మల కింది భాగం రాయి, కమానులూ పెండెంటివ్‌లూ గుమ్మటమూ ఇటుక. రాయి కదలలేదు. పైనున్న ఇటుక పని మెల్లగా బయటికి ఒరిగింది.

పని జరుగుతుండగానే ఆ సంగతి బయటపడింది. ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రెండు ముచ్చట్లు రాసిపెట్టాడు. తూర్పు కమాను ఇంకా కలవకముందే దాన్ని మోసే దిమ్మలు పర్రెలివ్వడం మొదలుపెట్టాయట. మేస్త్రీలు భయపడి చక్రవర్తి దగ్గరికి పరుగెత్తారు. ఆపకండి, కమాను పూర్తిచేయండి, కలిశాక దానికి ఆసరా అక్కర్లేదన్నాడట ఆయన. ఇంకోసారి ఉత్తర దక్షిణ కమానుల కింద, వాటి లోపలి గోడను మోస్తున్న స్తంభాలనుంచి పెచ్చులు రాలాయి. కమానుకు తగులుతున్న గోడ పైభాగాన్ని తీసేసి, గచ్చు ఆరాక మళ్లీ కట్టమన్నాడట. సలహాలన్నీ రాజుగారికే తట్టాయని రాయడం ఆస్థాన చరిత్రకారుడి ధర్మం, అది పక్కనపెడదాం. లోపల ఉన్న విషయం మాత్రం నిజమైన మేస్త్రీ విషయమే. సగం కట్టిన కమాను రెండు దిమ్మల్నీ లాగి పీడిస్తుంది, కలిసిన కమాను నిలదొక్కుకుంటుంది. పచ్చి గచ్చు కూచునేటప్పుడు కమాను కుంగి, కింద ఖాళీ లేకపోతే బరువంతా తనకు సంబంధంలేని గోడ మీద మోపుతుంది. పెచ్చులు రాలడం అంటే బరువు రాకూడని చోటికి వచ్చిందని స్తంభం చెప్పడమే.

553లో భూకంపం వచ్చింది, 557 డిసెంబరులో మళ్లీ వచ్చింది. హాగియా సోఫియా వెంటనే పడలేదు. మరమ్మతు జరుగుతుండగా 558 మే 7న తూర్పు కమాను, దాని వెనక అర్ధగుమ్మటంలో కొంత, పెద్ద గుమ్మటంలో కొంత కూలి కిందున్న పూజాపీఠాన్ని పచ్చడి చేశాయి. ప్రతిష్ఠ జరిగి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

మళ్లీ కట్టే పని పెద్ద ఇసిడోర్ అన్న కొడుకో తమ్ముడి కొడుకో అయిన చిన్న ఇసిడోర్ చేతికొచ్చింది. అప్పటికే ఉత్తర దక్షిణ కమానులు బయటికి జరిగి, చదరం చదరంగా మిగల్లేదు. ఆయన ఆ కమానుల లోపలి అంచును లోపలికి పెంచి చదరాన్ని వీలైనంత సరిచేశాడు. పూర్తిగా కుదరలేదు, అందుకే ఈనాటికీ గుమ్మటం అడుగు ఖచ్చితమైన వృత్తం కాదు. అంతకంటే ముఖ్యమైన మార్పు ఎత్తు. గుమ్మటాన్ని సుమారు 20 అడుగులు పైకి లేపాడు. ఎత్తు పెరిగితే అంచు దగ్గర వాలు నిటారవుతుంది, బరువులో ఎక్కువ పాలు నేరుగా కిందికి దిగుతుంది, పక్కతోపు తగ్గుతుంది. తోపును ఆపలేకపోతే తోపునే తగ్గించడం. 562 డిసెంబరు 24న రెండోసారి ప్రతిష్ఠ జరిగింది. నేలనుంచి నెత్తికి 55 మీటర్ల పైచిలుకున్న ఇప్పటి రూపం ఆయనదే.

గుమ్మటం అడుగున వరసగా 40 కిటికీలు, వాటి మధ్యనుంచి నెత్తిదాకా 40 పక్కటెముకలు. వెలుతురు కోసమే అనిపిస్తుంది, నిజానికి అవి ఉన్న చోటు తెలివైన చోటు. ఇటుక గుమ్మటం పైభాగం నొక్కుడులో ఉంటుంది, అడుగుభాగం చుట్టుకొలత వెంబడి సాగాలని చూస్తుంది. ఇటుక సాగుడును ఓర్చదు కనుక అక్కడ నిలువునా బీటలు పడతాయి. కిటికీలున్న చోట బీట పడటానికి గోడే లేదు. మిగిలిన ముక్కలు ఒక్కొక్కటీ వెనకనుంచి చిన్న ఆనుడు గోడలతో తోపుకు ఎదురు నిలుస్తాయి.

అలాగని తోపు చావలేదు. 989 భూకంపంలో పడమటి కమాను, దానితోబాటు గుమ్మటంలో ఒక పాలు పడిపోతే అర్మేనియా శిల్పి త్రదాత్ 994 కల్లా నిలబెట్టాడు. 1346లో తూర్పు పాలు పడింది. రెండుసార్లూ పడింది పాత ముక్కలో కొంతే, కాబట్టి ఇప్పుడు నెత్తిన ఉన్నది మూడు కాలాల గుమ్మటం. ఉత్తర దక్షిణ భాగాలు ఆరో శతాబ్దివి, పడమర పదో శతాబ్దిది, తూర్పు పద్నాలుగో శతాబ్దిది. పదహారో శతాబ్దిలో ఉస్మానియా వాస్తుశిల్పి సినాన్ బయటినుంచి దిమ్మలు పెంచి బలపరిచాడు. 1847–49లో ఫొస్సాటి సోదరులు గుమ్మటం అడుగున ఇనుప పట్టీ బిగించారు. పన్నెండు వందల ఏళ్లకు పైగా దిమ్మలు చేస్తూ వచ్చిన పనిని, అంటే తోపును పట్టి ఆపే పనిని, కొంత ఆ పట్టీ తీసుకుంది.

మన పొరుగున బీజాపూరులో ఇదే చిక్కుకు ఇంకో జవాబు ఉంది. 1656లో చనిపోయిన ముహమ్మద్ ఆదిల్‌షా సమాధి గోల్ గుంబజ్‌లో హాలు పక్క కొలత 41 మీటర్లు. అక్కడి మేస్త్రీలు నాలుగు కమానులతో సరిపెట్టుకోలేదు. ఎనిమిది కమానుల్ని ఒకదాన్నొకటి కోసుకునేలా తిప్పి, మూలల పెండెంటివ్‌లను హాల్లోకి బాగా ముందుకు తెచ్చారు. వలయం గోడ మీద కాక గోడకు చాలా లోపల ఏర్పడుతుంది. ముందుకు వేలాడే ఆ బరువు లోపలికి లాగుతుంటే గుమ్మటం బయటికి తోస్తుంది, రెండూ చాలామటుకు సరిపోతాయి. దానికి మూల్యం, 41 మీటర్ల హాలు మీద లోపలి వ్యాసం 38 మీటర్లకు కాస్త తక్కువ గుమ్మటంతో తృప్తిపడటం. ఆంతేమియస్, ఇసిడోర్‌లు ఆ కొద్ది మీటర్లు వదులుకోవడానికి ఒప్పుకోలేదు.

ఇస్తాంబుల్ వెళ్లేవాళ్లు పెండెంటివ్‌లను తేలిగ్గా గుర్తుపట్టవచ్చు, ఆరు రెక్కల దేవదూతల బొమ్మలున్న నాలుగు మూలలే అవి. గుమ్మటం నెత్తిమీదే చూపు నిలిపేస్తే ఒరుగుడు కనపడదు. పై అంతస్తు వసారాలోకి ఎక్కి, అక్కడి స్తంభాలను గోడ అంచుతో సరిపోల్చి చూడాలి. ఉత్తర దక్షిణ వసారాల్లో అవి నిటారుగా లేవు, బయటివైపుకు వాలి ఉన్నాయి.