నిండు కెల్లీ కాదు, సగం కెల్లీ

పందెంలో ఎటు కాయాలో చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఎంత కాయాలో చెప్పినవాడు నా లెక్కలో ఒక్కడే, జాన్ కెల్లీ. అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టి బెల్ లాబ్స్‌లో పనిచేసిన ఈయన, 1956లో ఆ సంస్థ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆటల ఫలితాలు రహస్యంగా ఒక తీగ మీద ముందే అందే జూదరి ఒకడున్నాడనుకోమన్నాడు. తీగలో గరగర వల్ల అప్పుడప్పుడు తప్పు వార్త వస్తుంది. అలాంటప్పుడు అతను తన సొమ్ములో ఎన్నో వంతు ఒడ్డుతూ పోతే అది అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది? క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతంలోంచే కెల్లీ జవాబు లాగాడు. 1965లో, నలభై ఒకటో ఏట, న్యూయార్క్ వీధిలో కుప్పకూలి పోయాడు. తన సూత్రంతో ఒక్క డాలరు కూడా సంపాదించలేదంటారు.

సూత్రం ఒక్క వరుసే:

f = (bp − q) / b

p గెలిచే అవకాశం, q ఓడే అవకాశం, రూపాయికి వచ్చే లాభం b. మన దగ్గరున్న సొమ్ములో ఒడ్డాల్సిన వంతు f. రూపాయికి రూపాయి వచ్చే పందెమైతే p లోంచి q తీసేస్తే చాలు. నూటికి అరవైసార్లు బొమ్మ పడే నాణెం ఉంటే, అరవైలోంచి నలభై పోగా ఇరవై. అంటే ప్రతిసారీ చేతిలో ఉన్నదాంట్లో 20 శాతం కాయాలి. జవాబు సున్నాకు దిగువన వస్తే ఆ పందెం జోలికి పోకూడదు. కాసినో రూలెట్‌కు వచ్చే జవాబు ఎప్పుడూ అదే.

ఇరవై ఎందుకు, నలభై ఎందుకు కాదు? పదివేల రూపాయలతో మొదలుపెట్టి 20 శాతం కాయండి. ఒకటి గెలిస్తే పన్నెండు వేలు, తర్వాతది ఓడితే తొమ్మిదివేల ఆరొందలు. ఒక గెలుపు, ఒక ఓటమి, చెల్లుకు చెల్లు అనుకుంటాం గానీ నాలుగొందలు పోయాయి. ముందు ఓడి తర్వాత గెలిచినా అంతే. దీన్ని తరుగు అందాం. 10 శాతం కాస్తే ఈ తరుగు వందే. 40 శాతం కాస్తే పదహారొందలు! పందెం రెట్టింపైతే తరుగు నాలుగింతలవుతుంది. ఈ విషయంలోని అందమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్కో ఆటకు లెక్క చూద్దాం, కాస్త ఉజ్జాయింపుగా. మన నాణేనికి 20 శాతం కాస్తే సగటు రాబడి 4 శాతం, తరుగు 2, మిగులు 2. సగమే, అంటే 10 శాతమే కాస్తే రాబడి 2, తరుగు అర, మిగులు ఒకటిన్నర. పందెం సగానికి తగ్గినా పెరుగుదలలో పోయింది నాలుగో వంతే. 40 శాతం కాస్తే రాబడి 8, తరుగూ 8. చక్కటి నాణెం చేతిలో ఉండి కూడా ఎదుగూ బొదుగూ ఉండదు. ఇంకా ఎక్కువ కాస్తే కరిగిపోవడమే.

ఆ నాణేన్ని నిజంగానే కొందరి చేతిలో పెట్టారు. విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ 2016లో వెల్లడించిన ప్రయోగంలో 61 మందికి తలా పాతిక డాలర్లిచ్చి, బొమ్మ పడే అవకాశం అరవై శాతమని ముందే చెప్పి, అరగంట ఆడనిచ్చారు. నూటికి 28 మంది మొత్తం పోగొట్టుకున్నారు. ఆ 61 మందిలో 18 మంది ఉన్నదంతా ఒక్క దెబ్బలో ఒడ్డేశారు. ఆడినవాళ్లలో ఎక్కువమంది ఆర్థికశాస్త్ర విద్యార్థులు, ఫైనాన్స్ కుర్రాళ్లు. ఎటు కాయాలో తెలిస్తే సరిపోదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. కెల్లీ కథలోని జూదరికి తన తీగ ఎంత తప్పుతుందో ఖచ్చితంగా తెలుసు. మనకు తెలియదు. నాణేన్ని వందసార్లు ఎగరేస్తే అరవైసార్లు బొమ్మ పడిందనుకోండి. వంద పరీక్షల్లో అటూ ఇటూ ఐదు తేడా మామూలే, పది కూడా వింతేమీ కాదు. అసలు సంగతి యాభై ఐదే అయ్యుండొచ్చు. అప్పుడు మన 20 శాతం పందేనికి రాబడి 2, తరుగు 2, మిగులు సున్న. సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నామనుకుంటూ రెట్టింపు కెల్లీ ఆడుతున్నామన్నమాట. అదే సగం కెల్లీ, 10 శాతం కాసినవాడికి రాబడి 1, తరుగు అర, మిగులు అర. యాభై ఐదు శాతం నాణేనికి అంతకన్నా మంచి పందెం లేనే లేదు.

పొరపాటు రెండో వైపు జరిగితే? నాణెం నిజంగా అరవై ఐదు శాతందైతే 30 కాయాల్సింది. మనం 20 కాశాం. నాలుగున్నర రావాల్సిన చోట నాలుగు వచ్చింది, అంతే. తక్కువ అంచనా వేస్తే కొంచెం పోతుంది, ఎక్కువ అంచనా వేస్తే అంతా పోతుంది. పైగా మన పొరపాట్లు ఎక్కువ వైపే పోగవుతాయి. వంద అవకాశాలు చూసి బాగున్నట్టు తోచిన పదింటినే కదా ఎంచుకుంటాం? ఆ పదింట్లో అదృష్టవశాత్తు బాగున్నట్టు కనిపించినవి తప్పకుండా ఉంటాయి. హాంకాంగ్ గుర్రప్పందేల్లో కోట్లు గడించిన బిల్ బెంటర్ ఈ రోగాన్ని ఎరిగినవాడు. తన మోడల్ చెప్పిన అవకాశాలను ఉన్నవున్నట్టు నమ్మకుండా, జనం కాసిన రేట్లతో కలిపి సవరించుకున్నాడు. అలా సవరించాక కూడా నిండు కెల్లీ కాయకుండా అందులో కొంత వంతే కాసేవాడు.

ఇక ఎడ్వర్డ్ థార్ప్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. బ్లాక్‌జాక్‌లో పేకముక్కలు లెక్కపెట్టి కాసినోని ఓడించొచ్చని నిరూపించిన గణితవేత్త ఆయన. 1961లో ఇద్దరు ధనికులు లక్ష డాలర్లు ఇస్తామంటే పదివేలు చాలన్నాడు. నెవాడాలో చిన్న పందేలతో మొదలుపెట్టి, తన లెక్క పనిచేస్తోందని రూఢి అయ్యేకొద్దీ పెంచుతూ, ఆ పదివేలకు మరో పదకొండు వేలు చేర్చాడు. తర్వాత వాల్‌స్ట్రీట్‌లో దాదాపు రెండు దశాబ్దాలు ఫండ్ నడిపాడు. చాలామందికి నప్పేది సగం కెల్లీయేనని రాసిందీ ఆయనే. ఉన్న సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడిపోయే అవకాశం నిండు కెల్లీలో రెండింట ఒకటి, సగం కెల్లీలో ఎనిమిదింట ఒకటి. ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ కెల్లీ పద్ధతిని ఖండిస్తూ 1979లో ఒక వ్యాసం రాశాడు. ఎదుటివాళ్లు మందబుద్ధులన్నట్టు దాదాపు అంతా ఒంటి అక్షరం మాటలతోనే రాశాడు. దీర్ఘకాలంలో వేగం ఒక్కటే అందరి కోరికా కాదన్న ఆయన వాదంలో పస ఉంది, కాదనను. ఆ వెటకారం విషయంలో మాత్రం నేను థార్ప్ పక్షమే.

ఒళ్లు మండేది ఇప్పటి నకిలీ సరుకు చూసి. ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ నేర్పిస్తామంటూ కోర్సులమ్మేవాళ్లు కెల్లీ కాలిక్యులేటర్ అని ఒక ఎక్సెల్ షీట్ చేతిలో పెడుతున్నారు. గత ముప్పై ట్రేడ్‌లలో ఎన్ని గెలిచారో అందులో వేయమంటారు. అది చెప్పిన వంతు కళ్లు మూసుకుని పెట్టేయమంటారు. ముప్పై ట్రేడ్‌లంటే అటూ ఇటూ తొమ్మిది శాతం తేడా మామూలు. బ్రోకరేజీ, పన్నులు ఆ షీట్‌లో ఉండవు. ఒకే రోజు నిఫ్టీ మీద పెట్టిన నాలుగు పొజిషన్లు నిజానికి ఒకే పందెమన్న ఇంగితమూ ఉండదు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది. ఆ 93 మందిలో చాలామందికి కెల్లీ ఇచ్చే జవాబు సున్న. దాన్ని ఏ కోర్సు వాడూ చూపించడు. అయ్యా, మీ షీట్‌లో ఇంకొక్క గడి చేర్చండి. ఎన్ని ట్రేడ్‌ల మీద ఆ p కట్టారో అడగండి. ఖర్చులు తీసేయండి, అన్ని ట్రేడ్‌లకు మామూలుగా వచ్చే తేడాను అంచనాలోంచి కోసేయండి. అప్పుడు మిగిలిన వంతులో సగం చూపించండి, సున్న వస్తే సున్నే చూపించండి.